'నేను' తగ్గితే నాన్న కనిపించాడు

ఒక చిన్న పని చేసి చూడండి. మీ ఫోన్లో నోట్స్ తెరిచి, ఈమధ్య రాసుకున్న కవిత ఒకటి బయటికి తీయండి. సెర్చ్‌లో 'నేను' అని కొట్టండి. మూడో, నాలుగో, పదో చూపిస్తుంది. ఆ అంకెను నమ్మకండి. తెలుగు కవితలో 'నేను' దాక్కునే చోట్లు ఫోన్‌కి తెలియవు.

"కవితలో 'నేను' తగ్గించు, దృశ్యం దానంతట అదే ముందుకొస్తుంది" అని కొత్తగా రాసేవాళ్లకి పెద్దవాళ్లు చెప్తుంటారు. మంచి మాటే. కానీ ఇంగ్లిషులో ఆ సలహా పాటించడం వేరు, తెలుగులో పాటించడం వేరు. ఇంగ్లిషు వాక్యంలోంచి ఆ మాట తీసేస్తే చాలాసార్లు వాక్యమే కూలిపోతుంది, కాబట్టి కవి దాన్ని మళ్లీ కట్టుకోక తప్పదు. మనకి ఆ ఇబ్బంది లేదు. 'నేను వచ్చాను'లోంచి 'నేను' తీసేస్తే 'వచ్చాను' అని హాయిగా నిలబడుతుంది. వచ్చింది ఎవరో కూడా తెలుస్తూనే ఉంటుంది. మాట పోయింది, మనిషి మాత్రం కదల్లేదు. తెలుగులో అసలు పని అక్కడి నుంచే మొదలవుతుంది.

ఈ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది మా నాన్న కుట్టు మిషన్ మీద రాసిన కవితతో. నాన్న టైలరు. ముప్పై ఏళ్లు ఒకే మిషన్ తొక్కాడు. కళ్లు సహకరించక, సూదిలో దారం ఎక్కించడానికి కూడా మా అమ్మను పిలవాల్సి వస్తుంటే, చివరికి దాన్ని అమ్మేశాడు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ట్రాలీ ఆటోలో మిషన్ వెళ్లిపోయింది. ఆ రాత్రే ఫోన్లో ఇలా రాసుకున్నాను:

నేను కాలేజీ నుంచి ఇంటికి వచ్చాను
మిషన్ ఉండే మూల ఖాళీగా ఉండటం చూశాను
నాకు గుండె బరువెక్కింది
నేల మీద నాలుగు కాళ్ల గుర్తులు నాకు కనిపించాయి
నేను చిన్నప్పుడు ఆ మిషన్ కిందే కూర్చుని
దారం ముక్కలు ఏరుకునేదాన్ని
రాత్రి నాన్న టీవీ చూస్తుంటే నేను గమనించాను
కుర్చీ కింద తన కుడికాలు ఇంకా తొక్కుతూనే ఉంది
నేను ఆ కాలినే చూస్తూ ఉండిపోయాను
నా కళ్లలో నీళ్లు తిరిగాయి
నాన్నా, నేను నీకేమీ చేయలేకపోయాను

పదకొండు పాదాలు. మొదటి ప్రతి కాబట్టి మనసులో ఉన్నది ఉన్నట్టు వచ్చింది. మర్నాడు నాన్నకి చదివి వినిపించాను. విని నా తల నిమిరి, "ఎందుకమ్మా అంత బాధపడతావ్? మిషన్దేముంది, ఇనుమే కదా" అన్నాడు. ఆయన్ని గురించి రాసిన కవిత విని ఆయన నన్ను ఓదార్చాడు. చూపు ఎటు పోయిందో దాంతో తెలిసిపోయింది. కవితలో అందరికంటే ముందు నిలబడి ఉన్నది నాన్న కాదు, నాన్నని చూసి బాధపడుతున్న అమ్మాయి.

లెక్క ఎలా కట్టాలి?

సరే, లెక్క కడదాం. 'నేను' ఐదుసార్లు. సెర్చ్‌కి దొరికేది ఇంతే. 'నా', 'నాకు' కలిపి మూడు. తర్వాత క్రియలు: వచ్చాను, చూశాను, ఏరుకునేదాన్ని, గమనించాను, ఉండిపోయాను, చేయలేకపోయాను. ఇవి ఆరు. మొత్తం పద్నాలుగు.

క్రియ చివర ఉండే ఆ 'ను' చిన్నది కాదు. స్కూల్లో ఉత్తమ పురుష అని చదువుకున్నాం కదా, అదే. 'వచ్చాను' అంటే నేను, 'వచ్చావు' అంటే నువ్వు, 'వచ్చాడు' అంటే అతను. చేసింది ఎవరో తెలుగు క్రియ తన తోకలోనే చెప్పేస్తుంది. 'ఏరుకునేదాన్ని' అయితే ఇంకో అడుగు ముందుకేసి, మాట్లాడుతున్నది ఆడపిల్ల అని కూడా చెప్తుంది. అదే మా తమ్ముడు రాస్తే 'ఏరుకునేవాణ్ణి' అవుతుంది.

ఇప్పుడు ఆ పద్నాలుగింటి కింద గీతలు గీసి కవిత మొత్తం చూడండి. గీత పడని పాదం ఒకే ఒక్కటి ఉంది: 'కుర్చీ కింద తన కుడికాలు ఇంకా తొక్కుతూనే ఉంది.' మిషన్ వెళ్లిపోయినా కాలికి ఆ సంగతి తెలియలేదు. కవిత అంతా నిజానికి ఆ పాదంలోనే ఉంది. దానికి ముందు 'నేను గమనించాను' అనీ, దాని తర్వాత 'నేను చూస్తూ ఉండిపోయాను' అనీ రెండువైపులా కాపలా. ఫొటోలో ముఖ్యమైన మనిషి వెనక వరసలో ఉండిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది.

మొదటి కోత: మాట తీస్తే సరిపోదు

ముందు ఐదు 'నేను'లూ తీసేశాను. ఐదు సెకన్ల పని. పద్నాలుగులో తొమ్మిది మిగిలాయి. చదివి చూస్తే కవిత కాస్త బిగిసింది కానీ మారలేదు. 'కాలేజీ నుంచి ఇంటికి వచ్చాను', 'రాత్రి నాన్న టీవీ చూస్తుంటే గమనించాను'. చూపు ఇంకా నా మీదే.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కవితలో 'నేను' ఒక్కటి కూడా లేదని సంబరపడతారు. పాదం చివర 'ను, ను, ను' అని వరసగా మోగుతుంటే మాత్రం చెవి పట్టేస్తుంది. కవితను పైకి చదవండి. పాదాల చివర్లు ఒకే శబ్దంతో ముగుస్తుంటే, అది ప్రాస కాదు, మీరే మళ్లీ మళ్లీ గుమ్మంలోకి వస్తున్నారన్నమాట.

రెండో కోత: మధ్యలో నిలబడ్డ చూపు

చూశాను, విన్నాను, గమనించాను, అనిపించింది, గుర్తొచ్చింది. ఇవి పాఠకుడికీ దృశ్యానికీ మధ్య నిలబడే క్రియలు. 'మూల ఖాళీగా ఉండటం చూశాను' అంటే, పాఠకుడు చూసేది మూలని కాదు, మూలని చూస్తున్న నన్ను. కవితలో ఒక వస్తువు ఉంది అంటే ఎవరో చూశారనే కదా అర్థం. ఆ సంగతి మళ్లీ చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక అడ్డదారి ఊరిస్తుంది. 'చూశాను' తీసేసి 'కనిపించింది' అని పెట్టేయడం. క్రియ తోక మారింది కాబట్టి 'నేను' పోయినట్టే ఉంటుంది. కానీ 'కనిపించింది' అనగానే ఎవరికి అన్న ప్రశ్న వెంటే వస్తుంది, జవాబుగా 'నాకు' తయారుగా ఉంటుంది. నా మొదటి ప్రతిలో 'నాకు కనిపించాయి' నుంచి 'నాకు' ఒక్కటీ తీసేసినా గుర్తుల ముందు ఎవరివో కళ్లు మిగిలే ఉన్నాయి. మొత్తం క్రియనే తీసేయాలి.

క్రియ లేకపోతే వాక్యం ఎలా నిలబడుతుంది? తెలుగులో భేషుగ్గా నిలబడుతుంది. 'మా ఊరు గుంటూరు', 'ఇది కొత్త చీర', 'జేబులో చిల్లర' అని రోజూ క్రియ లేకుండానే మాట్లాడుకుంటాం. ఆ సౌకర్యం కవిత్వానికి వరం. 'మిషన్ మూల ఖాళీ.' 'నేల మీద నాలుగు కాళ్ల గుర్తులు.' ఉంది, ఉన్నాయి అని కూడా అనక్కర్లేదు.

అలా చూశాను, నాకు కనిపించాయి, గమనించాను పోయాయి. 'ఆ కాలినే చూస్తూ ఉండిపోయాను' పాదానికి పాదమే పోయింది, ఎందుకంటే కాలిని చూపించాక పాఠకుడే చూస్తూ ఉండిపోవాలి. ఆ పని కూడా నేనే చేసేస్తే అతనికి మిగిలేదేం లేదు. తొమ్మిదిలో నాలుగు పోయి ఐదు మిగిలాయి.

మూడో కోత: బాధ ఎవరిది?

'నాకు గుండె బరువెక్కింది', 'నా కళ్లలో నీళ్లు తిరిగాయి'. వీటిలోంచి నాకు, నా తీసేసి 'గుండె బరువెక్కింది' అంటే? ఏమీ మారదు. మన భాషలో ఆకలి, భయం, దిగులు, జ్వరం అన్నీ 'నాకు' వచ్చేవే, మనం చేసేవి కావు. ఎవరికో చెప్పకపోతే మాట్లాడేవాళ్లకే అని లెక్క. ఇంట్లో 'ఆకలేస్తోంది' అని ఎవరైనా కేకేస్తే ఎవరికి అని అమ్మ అడగదు కదా. అందుకని మనోభావం పేరు చెప్పినంతసేపూ 'నేను' ఆ మాట కిందే కూర్చుని ఉంటుంది.

రెండు పాదాలూ తీసేశాను. ఊరికే తీసేస్తే మాత్రం అక్కడ గుంట పడుతుంది. ఇది చాలామందికి ఎదురయ్యే చిక్కు. 'నేను'లన్నీ కోసేశాక కవిత సామాన్ల జాబితాలా తయారవుతుంది: మూల, గుర్తులు, కుర్చీ, కాలు. కోసిన చోట దృశ్యంలోంచే ఇంకోటి తెచ్చి పెట్టాలి. కోత వల్ల కలిగే లాభం అదే. నా గురించి చెప్పడం ఆపగానే, ఆ గదిలో ఇంకా ఏమున్నాయో వెతకాల్సి వచ్చింది.

వెతికితే దొరికాయి. నాలుగు గుర్తుల మధ్య ఏళ్ల తరబడి కారిన నూనె మరక. మిషన్ లేకపోయినా నాన్న మెడలో అలాగే వేలాడుతున్న టేపు. పొద్దున లేవగానే మెడలో వేసుకోవడం ఆయనకు అలవాటు, ఆ రోజూ వేసుకున్నాడు. ఈ రెండూ మొదటి ప్రతి రాసేటప్పుడు కూడా ఆ గదిలోనే ఉన్నాయి. 'గుండె బరువెక్కింది' అన్న మాట వాటి చోటు ఆక్రమించుకుంది. గుండె బరువు ఎవరిదైనా ఒకటే. మెడలో టేపు మా నాన్నదే.

ఇప్పుడు మిగిలినవి మూడు: వచ్చాను, ఏరుకునేదాన్ని, చేయలేకపోయాను.

నాలుగో కోత: వాక్యం విరగకుండా

'ఇంటికి వచ్చాను'ని మార్చడానికి మొదట తోచేది 'వచ్చి'. 'ఇంటికి వచ్చి, మిషన్ మూల ఖాళీ.' చదివితే ఎక్కడో తట్టుకుంటుంది. 'వచ్చి' అంటే, వచ్చినవాళ్లే తర్వాతి పని కూడా చేయాలని మన చెవి ఎదురుచూస్తుంది. 'వచ్చి అన్నం తిన్నాను' అంటే సరిపోయింది, ఇద్దరూ ఒకరే. 'వచ్చి, మూల ఖాళీ' అంటే వచ్చింది ఒకరు, ఖాళీ అయింది ఇంకోటి. 'నేను' తగ్గించాలన్న తొందరలో రాసిన చాలా కవితలు ఇక్కడే విరుగుతాయి.

'వస్తే', 'రాగానే', 'వచ్చేసరికి' వీటికి ఆ పట్టింపు లేదు. ముందు పని ఒకరిది, తర్వాతి సంగతి ఇంకొకరిదైనా ఒప్పుకుంటాయి. 'తలుపు తీసి చీకటి' కుదరదు, 'తలుపు తీస్తే చీకటి' కుదురుతుంది. పైగా వీటి చివర ఏ పురుషా ఉండదు. నేనైనా, నువ్వైనా, వాళ్లైనా 'వచ్చేసరికి' ఒకటే.

మూడింటిలో ఏది? 'వస్తే' అంటే కాస్త మామూలుగా ఉంది. 'రాగానే' అంటే వచ్చిన క్షణం మీద బరువు పడుతోంది, మళ్లీ వచ్చిన మనిషి ముందుకొస్తుంది. 'వచ్చేసరికి'లో మాత్రం ఆలస్యం ఉంది. ఈలోపే ఏదో జరిగిపోయిందన్న మాట అందులోనే ఇమిడి ఉంది. మిషన్ వెళ్లేటప్పుడు నేను లేను అని విడిగా చెప్పక్కర్లేకుండా పోయింది.

ఇక చివరి పాదం, 'నేను నీకేమీ చేయలేకపోయాను'. దీన్ని ఎన్ని రకాలుగా మార్చినా తీర్పు తీర్పే. 'ఏమీ చేయలేదు' అని కూడా పెట్టి చూశాను. మన 'లేదు'కి ఒక విచిత్రం ఉంది, అందుకని. నేను చేయలేదు, నువ్వు చేయలేదు, వాళ్లు చేయలేదు. అందరికీ ఒకటే 'చేయలేదు'. 'చేశాను, చేశావు, చేశారు' అని విడిపోయే మనుషులు 'లేదు' దగ్గర కలిసిపోతారు. 'ఆ మూల గురించి మాట్లాడలేదు' అని రాస్తే, మాట్లాడనిది నాన్నా, అమ్మా, నేనా అని తేలదు. ముగ్గురమూ అందులో ఉన్నాం. కవితలో మిమ్మల్ని ఒక్కరినీ కాకుండా ఇల్లంతటినీ నిలబెట్టాల్సి వస్తే ఈ 'లేదు' గుర్తుపెట్టుకోండి. నా కవితకి మాత్రం కాలి తర్వాత ఏ పాదమూ నిలవలేదు. తీసేశాను.

ఒక్క 'నేను' ఎందుకు ఉంచాను?

మిగిలింది ఒక్కటి, 'ఏరుకునేదాన్ని'. అదీ తీసేసి ఒక ఫ్రెండ్‌కి చూపించాను. చదివి, "బాగుంది. కానీ ఆ కాలిని చూస్తున్నది ఎవరు? కస్టమరా?" అంది. 'నాన్న' అన్న మాటలో కూతురో కొడుకో ఉన్న సంగతి నిజమే, కానీ ఆ బిడ్డకి కాలే ఎందుకు కనిపించిందో ఆ మాట చెప్పదు. టీవీ చూస్తున్న మనిషి మొహం చూస్తారు, కుర్చీ కిందకి ఎవరు చూస్తారు? చిన్నప్పుడు మిషన్ కింద కూర్చుని, తల పక్కనే పెడల్ కదులుతుంటే దారం ముక్కలు ఏరుకున్న పిల్ల చూస్తుంది. ఆ పిల్లకి నాన్న అంటే ముందు తెలిసింది ఆ కాలే. కాబట్టి ఆ 'నేను' అలంకారం కాదు, చూపుకి కారణం. దాన్ని తీస్తే దృశ్యం అనాథ అవుతుంది.

ప్రతి గుర్తు దగ్గరా వేసుకోవాల్సిన ప్రశ్న అందుకే ఒక్కటే: ఇది లేకపోతే దృశ్యంలో ఏదైనా అర్థం కాకుండా పోతుందా? పోతే ఉంచండి. పోకపోతే తీసేయండి. సున్నాకి తేవడం లక్ష్యం కాదు. నాకు పద్నాలుగు నుంచి ఒకటి మిగిలింది, మీకు నాలుగు మిగలొచ్చు.

చివరికి తేలిన ప్రతి ఇదీ:

ఇంటికి వచ్చేసరికి మిషన్ మూల ఖాళీ
నేల మీద నాలుగు ఇనపకాళ్ల గుర్తులు
మధ్యలో నూనె మరక
ఆ కిందే కూర్చుని
దారం ముక్కలు ఏరుకునేదాన్ని
తల పక్కన పెడల్ పైకీ కిందికీ
రాత్రి టీవీలో వార్తలు
నాన్న మెడలో టేపు అలాగే ఉంది
కుర్చీ కింద కుడికాలు
మడమా మునివేళ్లూ మార్చి మార్చి
ఇంకా తొక్కుతూనే ఉంది

గొప్ప కవిత అనను. కానీ ఇది మా నాన్న గురించిన కవిత. రెండోసారి చదివి వినిపించినప్పుడు ఆయన నా తల నిమరలేదు. కాసేపు తన కాలి వంక చూసుకున్నాడు. "ఔనా, అలా ఆడుతోందా?" అన్నాడు. తర్వాత ఆ నూనె గురించి చెప్పాడు, బెల్టు సాగిపోతే ఎంత కోసి మళ్లీ బిగించేవాడో చెప్పాడు, ఆగకుండా అరగంట. నేను అడక్కుండానే.

తీయకూడని చోట్లు

ఇదంతా చదివి 'నేను' అంటేనే నామోషీ అనుకోవద్దు. కృష్ణశాస్త్రి 'కృష్ణపక్షం' 1925 నాటి పుస్తకం. అలాంటి భావకవిత్వంలో చెప్పుకునే మనసే అసలు వస్తువు. దాన్ని ఆత్మాశ్రయ కవిత్వం అన్నది అందుకే. అక్కడ 'నేను' తీసేస్తే మిగిలేది ఉండదు. శ్రీశ్రీ 'జయభేరి'లో 'నేను' కవితని ముందుకు లాగే ఇంజను. ఒక మనిషి తనకంటే పెద్దదానికి తనని ఇచ్చుకోవడమే అక్కడి సంగతి, కాబట్టి ఇచ్చుకునేవాడు కనిపించాలి. స్త్రీవాద, దళిత కవిత్వాల్లోనూ అంతే. నోరెత్తనివ్వని చోట నిలబడి 'నేను' అనడమే ఒక సంఘటన. ఆ మాటని తగ్గించమని సలహా ఇవ్వడం వాళ్లని మళ్లీ వెనక వరసకి పంపడమే.

ఇంకో చోటు మరీ ముఖ్యం. చేసిన పని మనదైనప్పుడు. చిన్నప్పుడు అందరం వాడిన వాక్యం ఒకటుంది: 'అమ్మా, గ్లాసు పగిలింది.' పగలగొట్టాను అనం. పగిలింది, చిరిగింది, పోయింది, అయిపోయింది అంటూ చేసినవాళ్లని మాయం చేయడానికి తెలుగులో జతలు జతలుగా క్రియలున్నాయి. పగిలింది పక్కన పగలగొట్టాను, చిరిగింది పక్కన చింపాను. దృశ్యం ముందుకు రావడానికి పనికొచ్చే కిటుకే, నింద తప్పించుకోవడానికీ పనికొస్తుంది. 'చెంప మీద దెబ్బ పడింది' అని రాస్తే బొమ్మ చక్కగా వస్తుంది, కొట్టిన చెయ్యి మాత్రం కనిపించదు.

నాన్న మిషన్‌ని కళ్ల కోసం అమ్మాడు. అదే నా సెమిస్టర్ ఫీజు కోసం అమ్మి ఉంటే, 'ఇంటికి వచ్చేసరికి మిషన్ మూల ఖాళీ' అన్న పాదం అందంగా ఉన్నా అబద్ధమయ్యేది. ఆ మూల ఎందుకు ఖాళీ అయిందో చెప్పే 'నా ఫీజు' అన్న రెండు మాటలు అక్కడ ఉండి తీరాలి. అప్పుడు ఆ 'నా' దృశ్యానికి అడ్డం కాదు, దృశ్యంలో భాగం, నేల మీది నాలుగు గుర్తుల పక్కన ఐదోది.

కాబట్టి గీతలు గీయడం అయ్యాక, కోసే ముందు ఒక్కొక్కదాన్నీ అడగండి: నువ్వు చూస్తున్నావా, చేశావా? ఊరికే చూస్తున్న 'నేను'ని పక్కకి జరగమనండి. చేసిన 'నేను'ని అక్కడే ఉండనివ్వండి.